బాత్రూం నుంచి బయటికొచ్చాక తాత చదివే ఆ ప్రార్థన ఏంటి?

జగిత్యాల_లక్ష్మి

అందరికీ నమస్తే. నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా పని చేస్తున్నాను. పెతాహ్ తిక్వాలో ఒక పెద్దాయన ఇంట్లోనే ఉంటాను. ఆయన్ని అందరిలాగే నేనూ సబా అంటాను, అంటే తాత అని. మతిమరుపు బాగా ముదిరింది. కొడుకు పేరు ఒక్కోసారి గుర్తురాదు, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ బాత్రూంకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ రెండు పిడులున్న చెంబుతో చేతులు కడుక్కుని, తలుపు బయట నిలబడి, కళ్లు మూసుకుని ఏదో చదువుతాడు. ఒక్క మాట కూడా తడబడడు. అదే మాటలు రాసిన కాగితం ఫ్రేం కట్టి బాత్రూం బయట గోడకి తగిలించి ఉంది. ఎంత అర్జెంటు పనున్నా అది పూర్తయ్యేదాకా కదలడు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, పోయిన వారం మూత్రం ఆగిపోయింది. హాస్పిటల్‌లో ట్యూబ్ వేసి పంపారు. ఇప్పుడు మూత్రం బ్యాగులోకి పోతోంది కాబట్టి ఆయన బాత్రూంకి పెద్దగా వెళ్లడం లేదు. అయినా లేచి ఆ ఫ్రేం దగ్గరికి వెళ్తాడు, మొదలుపెడతాడు, ఆగిపోతాడు, "చదవాలా, వద్దా?" అని నన్ను అడుగుతాడు. రాత్రి కూడా అలజడిగా ఉంటున్నాడు. కొడుకు వాళ్ల మతగురువు రబ్బీని అడుగుతానన్నాడు. ఇంతకీ అదేం ప్రార్థన? బాత్రూంకి వెళ్లొస్తే దేవుడి పేరు తీయడం ఏంటి? మన దగ్గర అయితే స్నానం చేసేదాకా పూజగది గడప కూడా తొక్కనివ్వరు కదా.

పాత_లిపులు

లక్ష్మి గారూ, దాన్ని అషేర్ యత్సార్ అంటారు. నేను జెరూసలేంలో చదువుకున్న రోజుల్లో లైబ్రరీ టాయిలెట్ బయట కూడా ఆ కాగితం చూసేవాణ్ని. యూదులు మలమూత్ర విసర్జన అయిన ప్రతిసారీ చేతులు కడుక్కుని బయటికి వచ్చి చెప్పే కృతజ్ఞతా వచనం అది. ఆడా మగా అందరూ చెప్తారు. చిన్న పిల్లలకి మాటలొచ్చిన కొత్తలోనే నేర్పుతారు. మీ సబాకి కొడుకు పేరు పోయినా ఇది పోకపోవడానికి ఒక కారణం అదే కావచ్చు. రోజుకి ఐదారుసార్లు, ఎనభై ఏళ్లుగా చెప్తున్నాడు.

అర్థం దాదాపుగా ఇది:

"మా దేవా, విశ్వానికి రాజా, నీకు స్తోత్రం. మనిషిని జ్ఞానంతో రూపొందించావు. అతనిలో ఎన్నో రంధ్రాలు, ఎన్నో బోలు గొట్టాలు పెట్టావు. వాటిలో ఒక్కటి తెరుచుకున్నా, ఒక్కటి మూసుకుపోయినా బతికి నీ ఎదుట నిలబడడం కుదరదని నీ సింహాసనం ముందు తేటతెల్లమే. సకల దేహాలనూ బాగుచేసేవాడా, అద్భుతంగా పనిచేసేవాడా, నీకు స్తోత్రం."

ఇది బాబిలోనియా తల్ముద్‌లో, అంటే పాతకాలపు రబ్బీల చర్చలు కూర్చిన పెద్ద గ్రంథంలో, బెరఖోత్ అనే భాగంలో ఉంది. 4వ శతాబ్దంలో ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఉన్న అబయే అనే పండితుడు చెప్పినదిగా లెక్క.

అందులో చివరి వాక్యం ఎలా ఉండాలని పెద్ద వాదన జరిగింది. నాకు ఈ ప్రార్థన మొత్తంలో అదే అన్నిటికన్నా ఇష్టం. రవ్ అనే ఆయన "రోగులను బాగుచేసేవాడా" అని ముగించాలన్నాడు. శ్మువేల్ అనే ఇంకో పండితుడు ఒప్పుకోలేదు. "నువ్వు లోకమంతటినీ రోగుల్ని చేసేశావు!" అన్నాడు. బాత్రూంకి వెళ్లొచ్చినవాడు రోగి కాదు కదా. అందుకని "సకల దేహాలనూ బాగుచేసేవాడా" అనాలన్నాడు. రవ్ శేషెత్ "అద్భుతంగా పనిచేసేవాడా" అంటే చాలన్నాడు. చివరికి రవ్ పాపా రెండూ కలిపి చెప్పమన్నాడు. ఈ రోజు మీ సబా చెప్పేది రవ్ పాపా ఖాయం చేసిన ముగింపే.

శ్మువేల్ మాట ఒప్పుకున్నారంటే ఏమైనట్టు? జబ్బు వచ్చి తగ్గినప్పుడే దేవుడు బాగుచేశాడని అనుకోనక్కర్లేదు. ఏ జబ్బూ లేని మనిషి లోపల కూడా ఆ బాగుచేయడం ఆగకుండా జరుగుతోందని ఒప్పుకున్నట్టు.

సాల్మన్_తెనాలి

వివరంగా చెప్పారు అన్నా. కానీ నాకు ఒకటి అర్థం కావట్లేదు. బైబిల్లో శరీరం అంటే పాపానికి మూలం అనే కదా ఉంటుంది. శరీరం ఆత్మకి విరోధంగా ఆశిస్తుందని మా పాస్టర్ గారు ఎన్నిసార్లు చెప్పారో. యూదులూ అదే పాత నిబంధన చదువుతారు. మరి వాళ్లు శరీరాన్ని, అందులోనూ ఈ పనిని, ఇంత గొప్పగా ఎలా చూస్తారు?

పాత_లిపులు

సాల్మన్ గారూ, మీరు చెప్పిన మాట గలతీయులకు రాసిన పత్రికలోది. అది కొత్త నిబంధన, యూదుల గ్రంథాల్లో లేదు. పౌలు "శరీరం" అన్నప్పుడు చర్మమూ పేగులూ గురించే మాట్లాడుతున్నాడా అన్నది క్రైస్తవ పండితుల్లోనే వాదన ఉన్న విషయం, అందులోకి నేను వెళ్లను.

యూద రబ్బీల దగ్గర దేహానికీ ఆత్మకీ గొడవ లేదని నేను అనను. కానీ నేరం మొత్తం దేహం మీద వేసెయ్యడానికి వాళ్లు ఒప్పుకోరు. తల్ముద్‌లో ఒక కథ ఉంది. ఒక రాజు తన తోటకి ఇద్దరు కాపలాదారుల్ని పెట్టాడు. ఒకడు గుడ్డివాడు, ఒకడు కుంటివాడు. కుంటివాడు గుడ్డివాడి భుజాలెక్కి పళ్లు కోసుకుని ఇద్దరూ తినేశారు. రాజు అడిగితే "నాకు కాళ్లు లేవు" అని ఒకడు, "నాకు కళ్లు లేవు" అని ఇంకొకడు. రాజు కుంటివాణ్ని గుడ్డివాడి మీద కూర్చోబెట్టి ఇద్దరికీ కలిపి తీర్పు చెప్పాడు. దేహమూ ఆత్మా అలాగే కలిసి తీర్పుకి నిలబడతాయని యూదా హనాసి అనే రబ్బీ చెప్పిన కథ ఇది.

ఇంకొకటి హిల్లేల్ అనే పాతకాలపు యూద గురువు గురించి. ఆయన స్నానాల గదికి వెళ్తుంటే శిష్యులు ఎక్కడికని అడిగారు. పుణ్యకార్యానికి అన్నాడు. స్నానం పుణ్యకార్యమా అని వాళ్లు ఆశ్చర్యపోతే, రాజు విగ్రహాల్ని కడిగి శుభ్రం చేసేవాడికి జీతమిచ్చి మర్యాద చేస్తారు కదా, దేవుడి పోలికలో పుట్టిన నేను నా ఒంటిని చూసుకోవడం ఇంకెంత పుణ్యం అన్నాడు.

రాజమండ్రి_శాస్త్రి

చాలా బాగుంది. నాకు మాత్రం రంధ్రాల మాట దగ్గర మనసు ఆగిపోయింది. మన తత్వాలు పాడేవాళ్లు దేహాన్ని తొమ్మిది తూట్ల తోలుతిత్తి అంటారు. గీతలో కూడా "నవద్వారే పురే" అని ఉంది. తూట్లు పడ్డ తిత్తిలో గాలి ఎంతసేపు నిలుస్తుంది, ఎప్పుడైనా పోతుంది, దాన్ని నమ్ముకోకు అని మన వాళ్లు చెప్తారు. యూదులు తూట్లనే చూసి దండం పెడుతున్నారంటే ఆలోచించాల్సిన విషయమే.

శౌచ విధుల్లో కూడా పోలికలు కనిపిస్తున్నాయి. మాకు జంధ్యం చెవికి చుట్టుకోవాలి, పగలు ఉత్తరానికి తిరిగి కూర్చోవాలి, మాట్లాడకూడదు, తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కుని ఆచమనం చేయాలి. కానీ ఆ పని అయినందుకు కృతజ్ఞత చెప్పే మంత్రం నా గురువుగారు నాకు నేర్పలేదు. మా దృష్టి అంతా తిరిగి శుచి అవ్వడం మీదే ఉంటుంది.

పాత_లిపులు

శాస్త్రి గారూ, మీరు తిత్తి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. సరిగ్గా ఆ తోలుతిత్తి పోలికే వాళ్ల దగ్గరా ఉంది! 11వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని త్రోయ్ పట్టణంలో ఉన్న రాషి అనే వ్యాఖ్యాత, "అద్భుతంగా పనిచేసేవాడా" అన్న మాటకి ఇలా వ్యాఖ్య రాశాడు. దేహం తిత్తిలాగా బోలుగా ఉంటుంది. మామూలు తిత్తికి ఒక్క చిల్లు పడితే గాలి నిలవదు. దేవుడు మనిషికి ఇన్ని రంధ్రాలు పెట్టినా ఊపిరి బయటికి పోవడం లేదు. అదే అద్భుతం అని.

అదే తిత్తి, అవే తూట్లు. మన తత్వకారుడు గాలి పోయే రోజుని చూపిస్తున్నాడు. రాషి గాలి పోకుండా ఉన్న ఈ పూటని చూపిస్తున్నాడు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి, కానీ రెండోది మనిషిని రోజుకి ఐదుసార్లు ఆపి నిలబెడుతుంది.

తర్వాత 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకో నగరంలో ఉన్న మోషే ఇస్సర్లెస్ ఇంకో అర్థం చెప్పాడు. కంటికి కనబడని ఆత్మని ఈ మట్టి దేహానికి కట్టి ఉంచడమే ఆ అద్భుతం అని. తిండి లోపలికి వెళ్లి పనికొచ్చేది ఉండిపోవడం, పనికిరానిది బయటికి పోవడం ఆ ముడి నిలవడానికే.

శుచి గురించి ఒక మాట. వాళ్లకీ ఆ పట్టింపు గట్టిగానే ఉంది. టాయిలెట్ లోపల దేవుడి పేరు తీయకూడదు, ధర్మశాస్త్రం గురించి ఆలోచించనుకూడదు. మలం కనబడే చోట, వాసన వచ్చే చోట ప్రార్థన చేయకూడదు. ద్వితీయోపదేశకాండంలో సైనికులు పాళెం బయటికి వెళ్లి, గునపంతో గుంట తవ్వి కప్పెట్టాలని ఉంది. అందుకే మీ సబా తలుపు బయటికి వచ్చి, చేతులు కడుక్కున్నాకే నోరు తెరుస్తాడు లక్ష్మి గారూ. వదిలేసిన మలం అసహ్యమే. దాన్ని వదలగలిగిన దేహం అసహ్యం కాదు.

కొత్త_ఇల్లు_2

మంచి సమాచారం. నేను ఇల్లు కట్టిస్తున్నాను. యూదుల ప్రకారం టాయిలెట్ సీటు ఏ దిక్కుకి ఉండాలి? మన వాస్తు ప్రకారం ఉత్తరం దక్షిణం అంటున్నారు, మేస్త్రి తూర్పుకి పెట్టేశాడు.

పాత_లిపులు

మీ వాస్తుకి దీనితో సంబంధం లేదు గానీ, దిక్కు విషయం తల్ముద్‌లో నిజంగానే ఉంది. రబ్బీ అకివా తన గురువు యెహోషువా వెనకాలే టాయిలెట్‌లోకి వెళ్లి మూడు విషయాలు నేర్చుకున్నానన్నాడు. తూర్పు పడమరలకి కాకుండా ఉత్తర దక్షిణాలకి తిరగాలి, కూర్చున్నాకే బట్ట తీయాలి, ఎడమ చేత్తో తుడుచుకోవాలి. గురువు దగ్గర అంత సాహసమా అని బెన్ అజ్జాయ్ అడిగితే, "ఇదీ ధర్మశాస్త్రమే, నేను నేర్చుకోవాలి" అన్నాడు. వాళ్ల దిక్కుల లెక్క జెరూసలేం దేవాలయాన్ని బట్టి పుట్టింది. మీ మేస్త్రి పెట్టిన సీటు మార్చాలా వద్దా అన్నది మీ ఇంటి పెద్దల్ని అడగండి.

గుంటూరు_సర్జన్

రిటైరైన జనరల్ సర్జన్‌ని. ఆ వచనంలో "ఒక్కటి తెరుచుకున్నా, ఒక్కటి మూసుకుపోయినా" అన్న చోట కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. కడుపునొప్పితో అర్ధరాత్రి వచ్చే ఎమర్జెన్సీ కేసుల్లో సగం పైన ఈ రెండు మాటల్లోకే వస్తాయి. పేగు మూసుకుపోతే కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, విరేచనం ఆగి చివరికి గాలి కూడా పోదు. అల్సర్ పగిలి చిల్లు పడితే కడుపు చెక్కలా బిగుసుకుపోతుంది, నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద గాలి కనబడుతుంది. మూసి ఉండాల్సింది తెరుచుకోవడం, తెరిచి ఉండాల్సింది మూసుకోవడం. ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌లో నేను మొదట అడిగే ప్రశ్న "గాలి పోయిందా అమ్మా?" అనే. పోయింది అంటే వార్డు మొత్తానికి మనసు తేలికపడేది.

ఒక్క సందేహం. కొన్ని చోట్ల "ఒక్క గంటైనా బతకడం కుదరదు" అని ఉన్నట్టు చదివాను. అది వైద్యపరంగా సరికాదు. మూత్రం ఆగినా, పేగు మూసుకున్నా మనిషి గంటలు, ఒక్కోసారి రోజులు బతుకుతాడు.

లక్ష్మీ, నీకు ముఖ్యమైన మాట. సబా అలజడికి కారణం ఈ ప్రార్థన ఒక్కటే అనుకోకు తల్లీ. మతిమరుపు ఉన్నవాళ్లు నొప్పిని నొప్పి అని చెప్పలేరు, ఇలాగే లేచి తిరుగుతారు. ట్యూబ్ ఎక్కడైనా మడత పడిందేమో, తొడ కింద నలుగుతోందేమో చూడు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. రెండు మూడు గంటలైనా బ్యాగులోకి ఏమీ రాకపోయినా, పొత్తికడుపు గట్టిగా ఉబ్బినా, ట్యూబ్ పక్కనుంచి కారుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే నర్సుకి ఫోన్ చెయ్యి.

పాత_లిపులు

డాక్టర్ గారూ, ఆ "ఒక్క గంటైనా" అన్న మాట అన్ని ప్రతుల్లో లేదు. కొన్ని ప్రార్థనా పుస్తకాల్లో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. మీరు అడిగినదే వాళ్ల వ్యాఖ్యాతలూ అడిగారు, మలబద్ధకంతో గంట కన్నా ఎక్కువ బతుకుతున్నారు కదా అని. ఉంచాలనేవాళ్లు ఆ రంధ్రాల్లో గుండె, ఊపిరి గొట్టం కూడా ఉన్నాయంటారు. వచనంలో ఏ రంధ్రమో పేరు పెట్టి చెప్పలేదు మరి.

మీ వృత్తిలో ఉన్న ఒకాయన దీని గురించి రాశారు కూడా. కెన్నెత్ ప్రేగర్ అనే న్యూయార్క్ వైద్యుడు 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ ప్రార్థన మీద వ్యాసం రాశారు. చిన్నప్పుడు బడిలో టాయిలెట్ బయట ఈ కాగితం చూసి పిల్లలు నవ్వుకునేవారట. వెన్నుపాము దెబ్బతిన్న ఒక యువకుడు చాలాకాలం తర్వాత సొంతంగా మూత్రం పోసి ఈ వచనం చెప్పుకున్న సంగతి అందులో రాశారు.

రఘు_హైదరాబాద్

నాది వేరే పరిస్థితి, అయినా అడుగుతున్నాను. నాకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మూత్రం దాదాపు రాదు. మొదట్లో నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేశాను. ఆఫీసులో మీటింగుల మధ్య లేవడం నామోషీగా ఉండి గంటలకొద్దీ ఆపుకునేవాణ్ని, అందుకే కిడ్నీలు పోయాయేమో అని ఇప్పటికీ అనుకుంటాను. ఈ చర్చ చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాలాంటివాడు యూదుడైతే ఈ ప్రార్థన చెప్పే హక్కే ఉండదా? మిషన్ నాలుగు గంటల్లో తీసేది కూడా అదే కదా?

గుంటూరు_సర్జన్

రఘూ, ఆపుకోవడం ఒక్కదానివల్ల రెండు కిడ్నీలూ పోవు. మన దగ్గర ఎక్కువమందికి షుగర్, బీపీ వల్ల పోతాయి. అసలు కారణం నీ ఫైల్లో రాసి ఉంటుంది, నెఫ్రాలజిస్ట్‌ని సూటిగా అడుగు. ఆ బరువు అనవసరంగా మోయకు. ఆపుకోవడం అలవాటు మంచిది కాదన్నది మాత్రం నిజం, ఇన్ఫెక్షన్లు వస్తాయి.

పాత_లిపులు

ఆపుకోవడం గురించి తల్ముద్‌లోనే ఉంది. అవసరం వచ్చినా బిగపట్టేవాడు "మిమ్మల్ని మీరు అసహ్యం చేసుకోవద్దు" అన్న లేవీయకాండ ఆజ్ఞని మీరినట్టే అని. ప్రార్థనకి నిలబడే ముందు కూడా చూసుకోవాలి, అవసరం ఉండగా ప్రార్థన మొదలుపెట్టకూడదు. దేహం పిలిస్తే దేవుడు ఆగుతాడన్న మాట.

రఘు గారూ, మీ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. నియమం ప్రకారం దేహం నుంచి ఏదైనా బయటికి వచ్చాకే ఈ వచనం. మూత్రం లేకపోయినా విరేచనం ఉంటుంది కాబట్టి దానికి ఎలాగూ చెప్పొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ఇందాక చెప్పిన క్రాకో ఇస్సర్లెస్, పొద్దున లేవగానే ఎవరైనా ఇది చెప్పే ఆచారం ఉందని రాశాడు, విసర్జన జరగకపోయినా సరే. తర్వాతివాళ్లు కొందరు దీన్ని ఒప్పుకోలేదు, విసర్జన లేకుండా దేవుడి పేరు ఊరికే తీసినట్టవుతుందని. మిషన్ తీసేది విసర్జనే అవుతుందా అన్నది నేనైతే అవునంటాను, కానీ నా మాట చెల్లుబాటయ్యే తీర్పు కాదు.

రాజమండ్రి_శాస్త్రి

మిషన్ విషయంలో నేను ఒప్పుకోను. ఆ వచనం మనిషిలో దేవుడు పెట్టిన రంధ్రాల గురించి. సూది గుచ్చిన రంధ్రం మనిషి పెట్టింది. రఘుగారికి వేరే మాటలతో కృతజ్ఞత చెప్పుకునే హక్కు ఎవరూ కాదనరు. వచనానికి మాత్రం దాని హద్దు దానికి ఉండాలి.

రఘు_హైదరాబాద్

శాస్త్రి గారూ, డయాలసిస్ సూదుల కోసం నా చేతిలో నరాలు కలిపి ఫిస్టులా వేసింది డాక్టరే, కానీ ఆ నరం ఉబ్బి, గట్టిపడి, సూదులకి తట్టుకునేలా తయారైంది దానంతట అదే. ఆరు వారాలు ఆగమన్నారు, ఆగాను. అది కూడా బాగుచేయడమే కదా? నేను వాదించట్లేదు, అలా అనిపిస్తోంది.

సాల్మన్_తెనాలి

మా వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీమ్ అని తెలుగు మాట్లాడే యూద సమాజం ఉంది. వాళ్ల సమాజమందిరం కూడా ఉంది. వాళ్లు దీన్ని హీబ్రూలోనే చెప్తారా, తెలుగులోనా? ఈసారి అటు వెళ్తే అడిగి ఇక్కడ రాస్తాను.

జగిత్యాల_లక్ష్మి

అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారూ, మీరు చెప్పాక రాత్రి దుప్పటి తీసి చూశాను. ట్యూబ్ నిజంగానే తొడ కింద మడత పడి ఉంది. సరిచేయగానే బ్యాగులోకి గబగబా వచ్చింది. తొడకి పట్టీ వేసి అతికించాను. అప్పటినుంచి రాత్రి నిద్రపోతున్నాడు.

కానీ పొద్దున లేచాక ఫ్రేం దగ్గరికి వెళ్లడం, ఆగిపోవడం అలాగే ఉంది. నిన్న కొడుకు రబ్బీ దగ్గరికి వెళ్లి కనుక్కొచ్చాడు. పొద్దున బ్యాగు ఖాళీ చేసి, సబా చేతులు కడిగించి, ఒక్కసారి చదివించమన్నాడు. ఆ రోజంతా బ్యాగులోకి వచ్చేదానికి కూడా అదే అని మనసులో అనుకుంటే చాలట. విరేచనానికి వెళ్తే మాత్రం ఎప్పటిలాగే విడిగా చదవాలి. ప్రార్థన చేసేటప్పుడు బ్యాగు కనబడకుండా ప్యాంటు లోపల ఉంచమన్నాడు, పైన గుడ్డ కప్పమన్నాడు. అన్ని రోజులూ చదవకుండా ఉన్నందుకు ఏమీ తప్పు లేదని కూడా చెప్పి పంపాడు.

ఈ రోజు పొద్దున అలాగే చేశాం. కొడుకు పక్కన నిలబడి "చదువు నాన్నా, ఇప్పుడు చదవాలి" అన్నాడు. మొత్తం చదివాడు. మధ్యాహ్నం మళ్లీ ఫ్రేం దగ్గరికి వెళ్తే "పొద్దున అయిపోయింది సబా" అన్నాను. సరేనని వచ్చి కూర్చున్నాడు.

ఇంకొకటి అడగాలి. వచ్చే వారం ట్యూబ్ తీసి చూస్తామన్నారు. తీశాక నాలుగు చుక్కలు వచ్చినా ఆయన వెంటనే చదవడం మొదలుపెడతాడు. అప్పుడు చదవనివ్వాలా, పూర్తిగా వచ్చేదాకా ఆపాలా?

పాత_లిపులు

ఆపొద్దు. ఇది స్పష్టంగా రాసి ఉన్న విషయమే. 16వ శతాబ్దంలో యోసేఫ్ కారో రాసిన షుల్ఖాన్ ఆరూఖ్ అనే యూద నియమాల గ్రంథంలో దీనికి కొలత లేదని ఉంది. ఒక్క చుక్క వచ్చినా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క చుక్క రావాల్సిన దారి మూసుకుపోయినా కష్టమే కదా అని కారణం కూడా రాశాడు.

గుంటూరు_సర్జన్

ప్రార్థనకి ఒక్క చుక్క చాలేమో, నాకు చాలదు లక్ష్మీ. జాగ్రత్తగా విను. ట్యూబ్ సాధారణంగా పొద్దున్నే తీస్తారు, నీళ్లు తాగిస్తూ చూస్తారు. ముందే ప్రోస్టేట్ వదులయ్యే మాత్రలు ఇస్తున్నారో లేదో అడుగు, ఇస్తే మళ్లీ ఆగిపోయే అవకాశం తగ్గుతుంది. ఆయన ప్రతిసారీ ఎంత పోశాడో కొలిచి కాగితం మీద రాయి. కొద్దికొద్దిగా మాటిమాటికీ చుక్కలు పడుతుంటే బాగైనట్టు కాదు. లోపల నిండిపోయి పొంగి కారుతూ ఉండొచ్చు, అప్పుడు పొత్తికడుపు గట్టిగా తగులుతుంది, ఆయన మళ్లీ అలజడిగా తిరుగుతాడు. అందుకని పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కాన్ చేసి చూడమని నర్సుని అడుగు. ఇంటికి పంపేముందు ఆ నంబరు నీ చేతిలో ఉండాలి.

చదువుకోనివ్వు. ఆయన తలుపు బయట చదువుతున్నప్పుడే నువ్వు లోపలికెళ్లి ఎంత వచ్చిందో కొలిచి రాసుకో.